కవర్ మీద ఏం రాయాలి, క్యాప్షన్‌కి ఏం వదలాలి: ఒక చీరల దుకాణం కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులోని దుకాణం మంగళగిరి నేత చీరలు అమ్ముతుంది. అక్కాతమ్ముళ్లిద్దరే నడుపుతారు. మగ్గాల దగ్గర సరుకు ఎంచుకోవడం, ధర మాట్లాడుకోవడం అక్క పని. ఫోను, ఇన్‌స్టాగ్రామ్, పార్సిళ్లు తమ్ముడు చూసుకుంటాడు. దుకాణాన్ని గుర్తుపట్టే వివరాలన్నీ ఇక్కడ తీసేశాం. రీల్ కవర్ల మీది మాటల్ని, అంటే వీడియోకి ముఖచిత్రంగా పెట్టే బొమ్మ మీది మాటల్ని మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం, ఎందుకంటే కేసంతా వాటి గురించే.

వారానికి మూడు రీళ్లు, రోజుకు నాలుగైదు స్టోరీ స్లైడ్లు పెట్టేవారు. వీడియోల్లో పెద్దగా లోపం లేదు. నిజాం అంచుని దగ్గరగా చూపేవారు, మడత విప్పి పగటి వెలుగులో చీరను తిప్పేవారు, రంగు ఉన్నది ఉన్నట్టే కనిపించేది. చిక్కంతా అక్షరాల్లోనే ఉంది.

వచ్చిన సమస్య

ఒక రీల్ కవర్ మీద మూడు వరుసలు ఇలా ఉన్నాయి: "మంగళగిరి కాటన్ చీరలు / స్వచ్ఛమైన చేనేత / కొత్త స్టాక్ వచ్చింది". వీడియో మొదలయ్యాక మొదటి రెండు సెకన్లు అవే మూడు వరుసలు తెర మీద ఉంటాయి. కింద క్యాప్షన్: "మంగళగిరి కాటన్ చీరలు. స్వచ్ఛమైన చేనేత. కొత్త స్టాక్ వచ్చింది. వివరాలకు డీఎం చేయండి." సాయంత్రం స్టోరీలో అదే రీల్‌ని పంచుకుని, పైన మళ్లీ "కొత్త స్టాక్ వచ్చింది" అని రాసేవారు. అంటే చూసే మనిషికి ఒకే కబురు నాలుగుసార్లు అందుతోంది. ఆ మనిషి అడగాలనుకున్నది మాత్రం ఎక్కడా లేదు.

ఇలా ఎందుకు చేస్తున్నారంటే తమ్ముడు చెప్పిన కారణం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "క్యాప్షన్ ఎవరూ చదవరండీ. అందుకే చెప్పాల్సిందంతా బొమ్మ మీదే రాస్తున్నా." రీల్ చూస్తున్నప్పుడు క్యాప్షన్‌లో దాదాపు ఒక వరుసే బయటికి కనిపిస్తుంది, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి అతని అనుభవం నిజమే. కాకపోతే దాన్నుంచి తీయాల్సిన అర్థం వేరు. కనిపించేది ఒక్క వరుసే అయినప్పుడు, ఆ వరుసను అప్పటికే చదివేసిన మాటతో నింపితే మిగిలింది తెరవడానికి ఎవరికీ కారణం ఉండదు.

మొదట చేసిన పని: కామెంట్లను కుప్పలు వేయడం

కొత్త మాటలు ఆలోచించే ముందు గత పది రీళ్ల కింది కామెంట్లను, వాటి గురించి వచ్చిన డీఎంలను ఒక చోట రాసుకుని చేత్తోనే విడదీశాం. మెచ్చుకోళ్లు, పూల గుర్తులు పక్కన పెడితే ప్రశ్నలన్నీ నాలుగు రకాల్లోకి వచ్చాయి. ధర ఎంత, ఈ రంగు ఇంకా ఉందా, ఉతికితే రంగు పోతుందా, జాకెట్ ముక్క కలిసి వస్తుందా. అన్నింటికన్నా పెద్ద కుప్ప ధరదే. "స్వచ్ఛమైన చేనేతేనా?" అని అడిగినవాళ్లు ఒకరిద్దరే. నాలుగు చోట్లా అరిగేలా చెప్పిన మాట, ఎవరూ పెద్దగా అడగని ప్రశ్నకు జవాబని అక్కడ తేలింది.

ఈ పని గంటన్నరలో అయిపోతుంది. దీన్ని వదిలేసి నేరుగా కవర్ మాటల మీద కూర్చుంటే, రాసే మనిషి తనకు గొప్పగా తోచిందే రాస్తాడు. కొనే మనిషి ఎక్కడ ఆగుతోందో అతనికి కనిపించదు.

పారని మూడు ప్రయత్నాలు

మొదటిది మాటలు మార్చడం. కవర్ మీద "కొత్త స్టాక్ వచ్చింది" అని ఉంటే క్యాప్షన్‌లో "మీ కోసం సరికొత్త చీరలు సిద్ధం" అని రాశారు. అక్షరాలు వేరైనా కబురు అదే. క్యాప్షన్‌లో కవర్‌లో లేని సంగతి ఒక్కటైనా ఉందా అని చూస్తే లేదు. ఒక వారంలోనే దీన్ని ఆపేశాం.

రెండోది ఊరించే కవర్లు. "ఈ తప్పు మాత్రం చేయకండి", "ఇది తెలిస్తే ఆశ్చర్యపోతారు", "అంచు చూశారా?" వంటివి. ఇవి క్యాప్షన్‌ని పునరుక్తి చేయవు, కాబట్టి పైకి సమస్య తీరినట్టే కనిపించింది. నాలుగు వారాలకు లోపం బయటపడింది, అదీ ప్రొఫైల్ గ్రిడ్‌లో. తొమ్మిది కవర్లు పక్కపక్కన నిలబడితే ఏ రీల్ దేని గురించో తెలియడం లేదు. "మొన్న ఉతకడం గురించి పెట్టారు కదండీ, ఆ వీడియో ఎక్కడుంది?" అని పాత కొనుగోలుదారులే డీఎంలో అడిగారు.

ఆ ప్రశ్న దగ్గరే కేసు మలుపు తిరిగింది. రీల్ కవర్ అన్నది ముఖ్యంగా గ్రిడ్‌లో కనిపించే వస్తువు. రీళ్ల వరుసలో కింది నుంచి పైకి తోసుకుంటూ వెళ్లేవారికి వీడియో నేరుగా ఆడుతుంది, కవర్ దాదాపు కనబడదు. గ్రిడ్‌లోనేమో కవర్ ఒక్కటే ఉంటుంది, దాని పక్కన క్యాప్షన్ ఉండదు. అంటే కవర్, క్యాప్షన్ రెండూ ఒకేసారి కంటపడే సందర్భాలు మనం అనుకునేదానికంటే చాలా తక్కువ. క్యాప్షన్‌తో కలిసి కనిపించేది వీడియో మొదటి ఫ్రేమ్ మీద రాసిన అక్షరం. కాబట్టి అసలు పునరుక్తి జరుగుతున్నది మొదటి ఫ్రేమ్‌కీ క్యాప్షన్ మొదటి వరుసకీ మధ్య. కవర్ పని అరలో సీసా మీది చీటీ లాంటిది, లోపల ఏముందో చెప్పాలి. ఊరింపు ఆ పనికి పనికిరాదు.

మూడో ప్రయత్నం ధరను కవర్ మీదికి ఎక్కించడం. కామెంట్లలో ఎక్కువమంది అడుగుతున్నది అదే కనుక ఇది సహేతుకంగానే తోచింది. "మంగళగిరి కాటన్, 1,850" అని పెద్దక్షరాల్లో పెట్టారు. నెలన్నర తర్వాత కొత్త సరుకు వేరే ధరకు వచ్చింది. గ్రిడ్‌లో పాత ధర అలాగే ఉంది. ఒక కొనుగోలుదారు ఆ కవర్‌ను స్క్రీన్‌షాట్ తీసి పంపి అదే ధరకు అడిగింది. అక్క మాట తప్పలేక ఆ చీరను పాత ధరకే ఇచ్చింది.

కవర్‌ను పోస్ట్ చేశాక కూడా మార్చుకోవచ్చు, నిజమే. క్యాప్షన్‌నీ సవరించుకోవచ్చు. వీడియోలో కలిపేసిన అక్షరాన్ని మాత్రం మార్చలేం, రీల్ తీసేసి మళ్లీ పెట్టాల్సిందే. ఆ రీల్‌లో ధర కవర్ మీదా ఉంది, మొదటి ఫ్రేమ్ మీదా ఉంది. కవర్ మార్చినా లోపలి ధర మిగిలిపోయింది.

పనిచేసిన పద్ధతి

ఈ మూడు దెబ్బల తర్వాత ప్రతి మాటనూ రెండు ప్రశ్నలతో తూచడం మొదలుపెట్టాం. ఇది చదివే క్షణంలో తెర మీద ఇంకా ఏముంటుంది? ఇది ఎన్నాళ్లు నిజంగా ఉండాలి?

నిలకడగా ఉండే సంగతి, ఒంటరిగా చదివినా అర్థమయ్యేది కవర్‌కి వెళ్తుంది. మారే అవకాశమున్న సంగతి, సవరించుకోవాల్సింది క్యాప్షన్‌కి వెళ్తుంది. ఇవాళ మాత్రమే నిజమైనది స్టోరీకి వెళ్తుంది, ఎందుకంటే అది 24 గంటల్లో దానంతటదే పోతుంది. మొదటి ఫ్రేమ్ మీద వీలైతే ఏమీ రాయకూడదు. రాయాల్సి వస్తే కంటికి కనిపించనిదాన్నే రాయాలి.

ఒక రీల్‌ని దగ్గరగా చూద్దాం. విషయం ముదురు నీలం చీర మొదటి ఉతుకు. వీడియోలో బకెట్ నీళ్లలో చీరను ముంచుతారు, నీళ్లకు కొంచెం నీలం వస్తుంది, రెండోసారి నీళ్లు తేటగా ఉంటాయి. పాత పద్ధతిలో అయితే దీని కవర్ "మంగళగిరి చీరలు ఉతికే విధానం", క్యాప్షన్ "మంగళగిరి చీరలు ఎలా ఉతకాలో చూడండి" అయ్యేవి.

కొత్త కవర్: "ముదురు రంగు చీర: మొదటి ఉతుకు". నాలుగైదు మాటలే. ఇందులో వస్తువు ఉంది, సందర్భం ఉంది, ఆరు నెలల తర్వాత వెతుక్కునే మనిషికి దొరుకుతుంది. "మంగళగిరి" అన్న మాట తీసేశాం, ఎందుకంటే ప్రొఫైల్ పేరులోనే అది ఉంది. గ్రిడ్ చూసేవాళ్లు అప్పటికే ఆ పేరు కిందే నిలబడి ఉంటారు.

మొదటి ఫ్రేమ్ మీద ఒకే మాట: "రెండోసారి నీళ్లు చూడండి". వీడియో ఏం చూపబోతోందో చెప్పకుండా కన్ను ఎక్కడ పెట్టాలో చెబుతుంది.

క్యాప్షన్ మొదటి వరుస: "నీళ్లలో దిగింది ఎక్కువైన రంగు, చీర వెలిసిపోలేదు." వీడియో చూస్తున్న మనిషికి ఆ క్షణంలో పుట్టే భయం ఇదే కాబట్టి, జవాబు బయటికి కనిపించే వరుసలోనే ఉండాలి. ఆ తర్వాత, నొక్కితే కనిపించే భాగంలో మిగతాది: మొదటి రెండు ఉతుకులూ చన్నీళ్లలో విడిగా చేయాలి, నానబెట్టి వదిలేయకూడదు, నీడలో తిరగేసి ఆరేయాలి. ఇంకా, నాలుగో ఉతుక్కి కూడా నీళ్లు గాఢంగా రంగు దిగుతుంటే అది అద్దకం లోపం, మాకు ఫొటో పంపండి. ఈ చివరి వాక్యం అక్క చెబితే చేర్చాం. దీనివల్ల రంగు గురించి వచ్చే ఫిర్యాదులు వివరంగా, ఫొటోతో సహా రావడం మొదలైంది.

చీర అమ్మే రీళ్లకు కూడా ఇదే లెక్క. కవర్ మీద "నిజాం అంచు, ఆవ పసుపు" అని రంగూ అంచూ మాత్రమే. క్యాప్షన్ మొదటి వరుసలో ధర, జాకెట్ ముక్క ఉందో లేదో. ధరను మొదట క్యాప్షన్ మధ్యలో పెట్టి చూశాం. ఆ రెండు రీళ్ల కింద "ధర?" కామెంట్లు ఎప్పటిలాగే వచ్చాయి. మొదటి వరుసకి తెచ్చాకే తగ్గాయి. క్యాప్షన్ ఎవరూ చదవరన్న తమ్ముడి మాటకు ఇదే జవాబు. బయటికి కనిపించే వరుసను చదువుతారు, అందులో తమకు పనికొచ్చేది ఉంటే.

అక్షరం పెట్టే చోటు, పరిమాణం

మాట సరిపోయినా చోటు తప్పితే ఫలితం పోతుంది. రీల్ కవర్ 1080 అడ్డం, 1920 నిలువు పిక్సెళ్లు. గ్రిడ్ 2025 జనవరి నుంచి చదరం కాకుండా 3:4 నిలువు గళ్లలో కనిపిస్తోంది. అంటే కవర్‌లో మధ్యనున్న 1440 పిక్సెళ్లు మిగిలి, పైన 240, కింద 240 తెగిపోతాయి. ఈ దుకాణం టెంప్లేట్‌లో పేరు పై అంచు నుంచి 200 పిక్సెళ్ల దగ్గర మొదలయ్యేది. గ్రిడ్‌లో దాని తలకట్టు తెగి, అక్షరాల కింది సగమే కనిపించేది. ముఖ్యమైన మాటను సరిగ్గా మధ్యనున్న 1080 పిక్సెళ్ల చదరంలోనే ఉంచితే, చదరంగా చూపే చోట కూడా భద్రంగా ఉంటుంది.

మొదటి ఫ్రేమ్ అక్షరానికి వేరే కొలత. అక్కడ కింద ఖాతా పేరు, క్యాప్షన్, పాట పేరు, కుడివైపు గుర్తులు పరుచుకుంటాయి. నిలువులో కింది మూడో వంతుని పూర్తిగా ఖాళీగా వదలాలి. ఒకే డిజైన్‌ని కవర్‌కీ మొదటి ఫ్రేమ్‌కీ వాడేవాళ్లకు ఏదో ఒక చోట అక్షరం మునగడం ఇందుకే.

తెలుగు లిపికి ఇంకొక చిక్కుంది. గ్రిడ్‌లో అడ్డంగా మూడు గళ్లు ఉంటాయి కాబట్టి, 1080 పిక్సెళ్ల వెడల్పు ఫోన్‌లో కవర్ మూడో వంతుకు కుంచించుకుపోతుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఆ పరిమాణంలోనూ చదవగలం. తెలుగులో గుడి, దీర్ఘం, వత్తు అంత చిన్నగా అయితే "స్త్ర", "ష్ట" వంటివి ముద్దలైపోతాయి. ఈ కేసులో 72 పాయింట్ల అక్షరాలు గ్రిడ్‌లో చదవరాలేదు, 120 దగ్గర కుదిరింది. వరుసల మధ్య ఎడం మామూలు కంటే పెంచాలి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. 1.4 రెట్ల ఎడం సరిపోయింది. ఆ పరిమాణంలో ఒక వరుసకు రెండు మాటలే పడతాయి, కవర్ మొత్తానికి నాలుగైదు. అంటే క్యాప్షన్‌ని కవర్ మీద కాపీ చేయడానికి చోటే ఉండదు. పరిమాణం సరిగ్గా పెట్టుకుంటే పునరుక్తి సగం దానంతటదే ఆగిపోతుంది.

ఫాంటు ఎంచుకునేటప్పుడు "స్వచ్ఛ", "ఉత్సాహం", "రాష్ట్రం" అని రాసి చూడాలి. వత్తు విడిపోయి పక్కన పడితే ఆ ఫాంటు వద్దు. రామభద్ర లాంటి లావు ఫాంటు పెద్ద మాటకు, మండలి లాంటి సన్నది స్టోరీలోని చిన్న వాక్యానికి కుదిరాయి.

స్టోరీ స్లైడ్ల లెక్క వేరు

స్టోరీకి విడిగా క్యాప్షన్ ఉండదు. కాబట్టి అక్కడ పునరుక్తి రెండు చోట్ల పుడుతుంది: పంచుకున్న రీల్ మీది మాటతో, ముందు స్లైడ్‌లోని మాటతో. ఆవ పసుపు చీర రీల్‌ని స్టోరీలో పెడుతూ పైన "ఆవ పసుపు నిజాం అంచు" అని మళ్లీ రాస్తే దండగ. ఆ చోట "ఇవాళ మూడే మిగిలాయి" అని రాశారు. ఆ మాట కవర్ మీద పెట్టలేనిది, క్యాప్షన్‌లో పెడితే రేపటికి అబద్ధమయ్యేది. స్టోరీకే తగినది.

వరుస స్లైడ్లలో ఒక్కో స్లైడ్‌కి ఒక్కో సంగతి ఇచ్చాం. మొదటి దానిలో చీర, దాని మీద ప్రశ్న: "జాకెట్ ముక్క విడిగానా, కలిసేనా?" రెండోదానిలో చీర కొంగు దాటాక నేత ఎక్కడ మారుతుందో దగ్గరి ఫొటో, "ఇక్కడి నుంచి జాకెట్ ముక్క" అని ఒక గీత. మూడోదానిలో లింక్ స్టిక్కర్. స్టిక్కర్ మీదే "ఈ చీర చూడండి" అని రాసి ఉంటే స్లైడ్ మీద "కింద నొక్కండి" అని ఇంకోసారి అక్కర్లేదు.

ఫొటో స్లైడ్ కొద్ది సెకన్లే నిలుస్తుంది. పైకి చదివితే నాలుగు సెకన్లు దాటే వాక్యాన్ని రెండు స్లైడ్లుగా విడగొట్టాం. వెనక్కి నొక్కినవాళ్లు ఎక్కువున్న స్లైడ్‌ని చూసి ఆసక్తి అనుకోవడం తేలిక. కానీ అక్షరాలు ఎక్కువున్న స్లైడ్లకే అలా జరుగుతుంటే, చదవడం పూర్తికాలేదని అర్థం. వాక్యాన్ని సగం చేసి మళ్లీ పెట్టినప్పుడు వెనక్కి నొక్కడం తగ్గితే అనుమానం తీరుతుంది. ఇక్కడ తగ్గింది.

ఒక జాగ్రత్త. స్టోరీని హైలైట్‌లో దాస్తే దాని ఆయుష్షు 24 గంటలు కాదు. "మూడే మిగిలాయి" అన్న స్లైడ్ పొరపాటున హైలైట్‌లోకి వెళ్లి రెండు వారాలు ఉంది. ఇప్పుడు హైలైట్‌కి వెళ్లాల్సిన స్లైడ్లను ధరా, లెక్కా లేకుండా వేరుగా చేస్తున్నారు.

రెండుసార్లు చెప్పాల్సినవి

పునరుక్తి తప్పని చోట్లు కూడా ఈ కేసులో కనిపించాయి. ఒక దశలో తమ్ముడు ఉత్సాహంగా క్యాప్షన్ నుంచి చీర పేరునే తీసేశాడు, కవర్ మీద ఉంది కదా అని. ఇన్‌స్టాగ్రామ్ వెతుకులాట క్యాప్షన్‌లోని మాటల్ని పట్టుకుంటుంది, కాబట్టి పేరు క్యాప్షన్‌లో ఉండి తీరాలి. పేరు రెండు చోట్లా ఉండవచ్చు, వాక్యం ఉండకూడదు. ఈ దుకాణానికి అమెరికాలోని తెలుగువాళ్ల నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి. వాళ్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేస్తారు. అందుకని క్యాప్షన్ చివరి వరుసలో "Mangalagiri cotton saree" అని ఒక్కసారి చేర్చాం. మొదటి వరుస మాత్రం తెలుగులోనే, కొనే మనిషి కోసమే.

రెండోది, బొమ్మలోని అక్షరాన్ని తెర చదివే ఫోన్ సౌకర్యం ప్రతిసారీ పట్టుకుంటుందని నమ్మలేం. చూపు సరిగా లేనివాళ్లకు క్యాప్షనే ఆధారం. ఎగ్జిబిషన్ తేదీ, చోటు, ఫోన్ నంబరు లాంటివి బొమ్మ మీద ఉన్నా సరే క్యాప్షన్‌లో అక్షరంగా ఉండాలి. కాపీ చేసుకోవడానికి కూడా అదే పనికొస్తుంది.

ఫలితం, దాని హద్దులు

ఆరు వారాల తర్వాత మళ్లీ పది రీళ్ల కామెంట్లను అదే పద్ధతిలో కుప్పలు వేశాం. ధర కుప్ప స్పష్టంగా చిన్నదైంది. ఇంకా ఉందా అన్న ప్రశ్న మాత్రం తగ్గలేదు, తగ్గదు కూడా, ఎందుకంటే ఆ జవాబు గంటగంటకూ మారుతుంది. కొత్తగా కొలతలు, దారం, పార్సిల్ గురించిన ప్రశ్నలు మొదలయ్యాయి. అమ్మకాల మీద ప్రభావం ఎంతో ఈ కేసు నుంచి చెప్పలేం. ఈ ఆరు వారాలు దసరా ముందు పడ్డాయి, ఆ కాలంలో చీరలు ఎలాగూ ఎక్కువ పోతాయి.

పాత కవర్లన్నింటినీ మార్చే పని పెట్టుకోలేదు. ప్రొఫైల్ తెరవగానే కనిపించే మొదటి 12, పైన పిన్ చేసిన 3, ధర రాసి ఉన్న ప్రతి పాత కవర్, ఇవే మార్చారు. మొదటి ఫ్రేమ్‌లో కూడా పాత ధర ఉన్న రీళ్లు నాలుగు తేలాయి. వాటిలో మూడింటిని తీసేశారు. నాలుగోది బాగా చూసిన రీల్, తీయడానికి తమ్ముడికి మనసొప్పలేదు. దాని క్యాప్షన్ మొదటి వరుస ఇప్పుడు ఇలా ఉంది: "వీడియోలోది పాత ధర. ఇప్పటి ధర 2,100."